మోటారు నిక్షేపంగా ఉంది, అరిగింది బుష్

కొన్న వారం రోజులకు ఏ మిక్సీ అయినా బాగానే ఉంటుంది. బ్లేళ్లు పదును మీద ఉంటాయి, రబ్బర్లు ఇంకా గట్టిపడవు, కొబ్బరి పచ్చడి మెత్తగా నలుగుతుంది. పైగా పోసిన డబ్బు మీద మమకారం ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి కొన్నవాళ్లు కూడా అయిదుకు అయిదు మార్కులు వేసేస్తారు. మిక్సీ అసలు గుణం తెలియాలంటే దాని మీదుగా ఒక ఆవకాయ కాలం, ఒక వానాకాలం, ఒక సంక్రాంతి గడవాలి. మా ఇంట్లో మిక్సీకి అవన్నీ గడిచాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది తెనాలి. ఇంట్లో నలుగురం. మిక్సీ 750 వాట్లది, మూడు జార్లు, ధర నాలుగు వేల పైచిలుకు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘మోటారుకు అయిదేళ్ల వారంటీ’ అని ఉంది, మిగతా మిక్సీకి రెండేళ్లు. రోజూ పొద్దున్నే పచ్చడి, వారం వారం ఇడ్లీకి మినప్పప్పు, అప్పుడప్పుడు గారెల పిండి, కందిపొడి, వేసవిలో ఆవపిండి, చలికాలంలో చింతకాయ తొక్కు. మా ఊళ్లో ఏ ఇంటి మిక్సీ అయినా చేసే చాకిరీ ఇదే. కంపెనీ పేరు చెప్పను. ఇక్కడ చెప్పబోయేది ఏ కంపెనీ మిక్సీకైనా వర్తిస్తుంది.

ముందు మోటారు సంగతి. మిక్సీలో ఉండేది యూనివర్సల్ మోటారు. సీలింగ్ ఫ్యాన్‌లో తిరిగే మోటారు తీరు వేరు, దీని తీరు వేరు. మధ్యలో తిరిగే భాగాన్ని ఆర్మేచర్ అంటారు, చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్టను ఫీల్డ్ కాయిల్ అంటారు. అంత వేగంగా తిరుగుతున్న ఆర్మేచర్‌కు కరెంటు అందాలంటే ఏదో ఒకటి దాన్ని రాసుకుంటూ ఉండక తప్పదు. ఆ పని కార్బన్ బ్రష్‌లనే రెండు చిన్న ముక్కలు చేస్తాయి. వెనక స్ప్రింగులు నొక్కుతుంటే అవి ఆర్మేచర్ కొసన ఉన్న రాగి పలకలకు ఆనుకుని ఉంటాయి. ఖాళీగా తిరిగేటప్పుడు ఇలాంటి మోటారు నిమిషానికి 18,000 నుంచి 20,000 చుట్లు తిరుగుతుంది. సీలింగ్ ఫ్యాన్ నాలుగు వందల లోపే. కాబట్టి బ్రష్‌లు అరుగుతాయి, అరగాలి కూడా. పలకలు అరగకుండా తాము అరగడానికే వాటిని పెట్టారు.

అవి ఏ స్థితిలో ఉన్నాయో మూత విప్పకుండానే తెలుసుకోవచ్చు. రాత్రి వంటగదిలో లైటు ఆర్పి, జార్‌లో కాసిని నీళ్లు పోసి మిక్సీని కొన్ని క్షణాలు తిప్పి, గాలి కోసం పెట్టిన చీలికల్లోంచి చూడాలి. సన్నని నీలి రవ్వలు కనిపిస్తే భయం లేదు, కొత్త మిక్సీలో కూడా అవి ఉంటాయి. రవ్వలు నారింజ రంగుకు తిరిగి, మోటారు చుట్టూ వలయంలా పరుచుకుంటుంటే బ్రష్‌లు అయిపోవచ్చాయనో, రాగి పలకలు పాడయ్యాయనో అర్థం. స్విచ్ వేస్తే తిరక్కుండా, పక్కన తట్టితే తిరగడం ఇంకో గుర్తు. కొందరు అలా తట్టుతూనే నెలలు వెళ్లదీస్తారు. అదే తప్పు. బ్రష్ పూర్తిగా అరిగిపోతే స్ప్రింగు వెళ్లి రాగి పలకల మీద గీరుతుంది. చిల్లర డబ్బుతో అయ్యే బ్రష్‌ల పని ఆర్మేచర్ మార్చేదాకా వెళుతుంది. బ్రష్ మార్చేటప్పుడు ఒకటి బాగానే ఉందనిపించినా జతగానే మార్చాలి.

మోటారును నిజంగా చంపేది వేడి. చాలా మిక్సీల అడుగున ఉండే పట్టీ మీద ‘30 నిమిషాల రేటింగ్’ అని కనిపిస్తుంది. అరగంట ఆపకుండా తిప్పవచ్చని దాన్ని చదువుకుంటారు. పక్కనే చిన్న అక్షరాల్లో అయిదు నిమిషాలు తిప్పి రెండు నిమిషాలు ఆపాలని ఉంటుంది, ఆ లెక్కన మొత్తం అరగంట. మోటారును చల్లార్చే చిన్న ఫ్యాన్ ఆ ఇరుసుకే బిగించి ఉంటుంది. గారెల పిండి గట్టిగా ఉండి బ్లేడు నెమ్మదించిందంటే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. అదే సమయంలో మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. అంటే వేడి ఎక్కువ పుట్టేటప్పుడే గాలి తక్కువ ఆడుతుంది. మే నెల సాయంత్రాల్లో వోల్టేజి పడిపోయినప్పుడు రుబ్బినా దాదాపు ఇదే అవస్థ. ఆగిపోతే అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, ఓవర్‌లోడ్ స్విచ్. దాన్ని వెంటనే నొక్కి మళ్లీ తిప్పడం కాకుండా మోటారు చల్లారనిచ్చి నొక్కాలి. కొత్తలో వచ్చే కమురు వాసన తీగల మీది వార్నిష్‌ది, నాలుగైదు వాడకాలకు పోతుంది. ఏడాది తర్వాత అదే వాసన మళ్లీ వచ్చిందంటే మాత్రం తీగచుట్ట కాగిపోతోందని.

మా మిక్సీ ఈ పరీక్షలన్నిటికీ నిలబడింది. రవ్వలు సన్నగా, నీలంగానే ఉన్నాయి. మినప్పప్పు రుబ్బాక అడుగు వెచ్చగా ఉంటుంది, చెయ్యి పెట్టలేనంత కాదు. ఎర్ర బటన్ పడింది చింతకాయ తొక్కు రోజు మాత్రమే, అది చింతకాయల పీచు చలవ. కొత్తలో మినప్పప్పు ఎంత సేపట్లో నలిగేదో ఇప్పుడూ ఇంచుమించు అంతే. మోటారుకు పూర్తి మార్కులు వేయడానికి నాకేం అభ్యంతరం లేదు.

మరి చప్పుడు? అది పెరిగింది. పొద్దున్నే పచ్చడి వేస్తుంటే గోడ అవతల పిన్నిగారికి మెలకువ వచ్చేంత. పాత గుయ్‌మనే మోత మీద గరగరమనే ఇంకో మోత చేరింది. ఇంట్లో అందరూ చెప్పిన మాట ఒకటే: మోటారు పోతోంది.

ఇక్కడే జనం పొరపడతారు. మిక్సీ మోత రెండు చోట్ల పుడుతుంది. ఒకటి మోటారు, దాని ఫ్యాన్, బేరింగులు. రెండోది జార్ అడుగున తిరిగే బ్లేడు ఇరుసు, రెంటినీ కలిపే కప్లర్. ఏ మోత ఎక్కడిదో విడదీయడం తేలిక. కొన్న కొత్తలో ఫోన్‌లో చప్పుడు కొలిచే ఆప్ పెట్టి చూసి కాగితం మీద రాసి పెట్టాను. ఫోన్ చెప్పే అంకె ఖచ్చితమైనదేమీ కాదు. కానీ అదే ఫోన్, అదే గట్టు, అంతే దూరం అయితే అప్పటికీ ఇప్పటికీ పోల్చుకోవడానికి పనికొస్తుంది. జార్ లేకుండా మోటారును ఒక్క క్షణం తిప్పితే అప్పుడు 84 డెసిబెల్స్, ఇప్పుడూ 84. నీళ్లు పోసిన పెద్ద జార్‌తో అప్పుడు 86, ఇప్పుడు 87. చట్నీ జార్‌తో అప్పుడు 86, ఇప్పుడు 92. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే చెవికి చప్పుడు దాదాపు రెట్టింపు అనిపిస్తుంది, ఆరు పెరిగితే ఎవరికైనా తేడా తెలిసిపోతుంది. రోగం మోటారులో లేదని, రోజూ వాడే ఆ చిన్న జార్‌లో ఉందని అక్కడే తేలింది. ఆప్ లేకపోయినా చెవితోనే ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఒక్కో జార్ మార్చి వినండి, చాలు. జార్ లేకుండా తిరగని మిక్సీలూ ఉన్నాయి. వాటికి జార్లు మార్చి చూసే పరీక్ష ఒక్కటే దారి.

ఆ జార్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఏడాది తర్వాత మిక్సీలకు వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. జార్ అడుగున బ్లేడు ఒక స్టీలు ఇరుసు మీద ఉంటుంది. ఆ ఇరుసు ఒక లోహపు గొట్టంలో తిరుగుతుంది. దాన్నే బుష్ అంటారు. ఇరుసుకూ బుష్‌కూ మధ్య సన్నని నూనె పొర, దాని పైన నీళ్లు దిగకుండా రబ్బరు సీలు. సీలు బాగున్నంత కాలం అన్నీ బాగుంటాయి. కానీ ఉప్పు, పులుపు, కారం రోజూ దాని మీదే పడతాయి. వాడిన జార్‌ను సింకులో గంటల తరబడి నానబెడతాం. సలసల కాగే నీళ్లతో కడుగుతాం. రబ్బరు గట్టిపడి పగులుతుంది. నీళ్లు బుష్‌లోకి దిగి నూనెను కడిగేస్తాయి. ఇక లోహం మీద లోహం రాసుకుంటుంది. అదే గరగర.

గుర్తుపట్టడానికి మిక్సీ తిప్పాల్సిన పని కూడా లేదు. ప్లగ్గు పీకేసి, ఖాళీ జార్‌లో బ్లేడును చెంచా కాడతో మెల్లగా పక్కకు నెట్టి చూడండి. పైకీ కిందికీ కొంచెం కదిలితే మామూలే. పక్కలకు ఊగితే బుష్ అరిగినట్టే. జార్ బోర్లిస్తే అడుగున నల్లని జిడ్డు మడ్డి కనిపిస్తుంది. అరిగిన లోహపు పొడి, పాత నూనె, పచ్చడి నీళ్లు కలిసిన మడ్డి అది. కొబ్బరి పచ్చడిలో ఎప్పుడైనా సన్నని నల్ల చార కనిపిస్తే అది ఆవాలు మాడటం వల్ల అనుకోవద్దు. ఆ జార్‌ను ఆ రోజుకు పక్కన పెట్టేయండి.

దీన్ని వాయిదా వేస్తే నష్టం జార్‌తో ఆగదు. బుష్ గుండా కారిన నీళ్లు తిన్నగా కింద ఉన్న కప్లర్ మీద, అక్కడి నుంచి మోటారు పై బేరింగులోకి దిగుతాయి. ఉప్పు నీళ్లు కదా, బేరింగు తుప్పు పడుతుంది. ఊగే ఇరుసు కప్లర్ పళ్లను కూడా కొట్టేస్తుంది. చివరికి మోటారు బిగుసుకుపోతుంది. అప్పుడు సర్వీసు వాళ్లు విప్పి చూసి ‘లోపలికి నీళ్లు వెళ్లాయి, వారంటీ రాదు’ అంటారు. నీళ్లు పోసిందెవరు? వాళ్లు తయారుచేసిన జారే. ఈ వాదన గెలవడం కష్టం, అంతదాకా రానివ్వకపోవడమే తేలిక.

ఇక సర్వీసు కథ. కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. ఫిర్యాదు నంబరు వెంటనే మెసేజ్‌గా వచ్చింది, అక్కడిదాకా మెచ్చుకోవాలి. మూడు రోజుల్లో మనిషి వస్తాడన్నారు. సర్వీసు సెంటర్ గుంటూరులో ఉంది. తెనాలి వైపు కాల్స్ నాలుగైదు పోగయితే గానీ ఎవరూ కదలరని తర్వాత తెలిసింది. రెండోసారి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు చెబితే గానీ కదలిక లేదు. వచ్చేసరికి వారం దాటింది. వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. జార్ తీసి బ్లేడు కదిపి చూసి, “మోటారు బాగుంది మేడం, బుష్ పోయింది. కప్లర్ పళ్లు కూడా అరిగాయి,” అన్నాడు. నేను అనుకున్నదే. మార్చమంటే, “బుష్ విడిగా మా దగ్గర ఉండదు మేడం. జార్ మొత్తం తీసుకోవాలి, ఏడు వందల యాభై,” అన్నాడు.

“రెండేళ్ల వారంటీ ఉంది కదా బాబూ?”

“జార్లు, రబ్బర్లు, కప్లర్, బ్రష్‌లు అందులోకి రావు మేడం. కార్డు వెనక రాసి ఉంటుంది, చూడండి.”

చూశాను. ఉంది. నాలుగు వేల మిక్సీలో ఏడాదికల్లా అరిగే వస్తువులన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. అయిదేళ్ల వారంటీ ఇచ్చింది ఆర్మేచర్‌కు, ఫీల్డ్ కాయిల్‌కు. పద్ధతిగా వాడితే అయిదేళ్లలో అవి చెడే అవకాశం తక్కువ. వాళ్లకు ఖర్చయ్యే చోట వారంటీ లేదు, ఖర్చు రాని చోట అయిదేళ్లు ఉంది. ఇది మోసమని అనలేను, అన్నీ ముందే అచ్చేశారు. కానీ డబ్బా మీద అంత పెద్ద అక్షరాలతో రాసిన అంకెను చూసి మిక్సీని ఎంచుకోవడంలో అర్థం లేదని మాత్రం చెప్పగలను.

జార్ కొనలేదు. మర్నాడు మార్కెట్ దగ్గర మిక్సీలు బాగుచేసే పాత షాపుకు తీసుకెళ్లాను. పెద్దాయన ఇరుసును చేత్తో తిప్పి చూసి, “దీనికి జార్ ఎందుకమ్మా, బుష్ కొట్టేస్తే సరిపోతుంది,” అని పాత బుష్ ఊడగొట్టి కొత్తది దిగ్గొట్టాడు. కొత్త సీలు వేశాడు, కప్లర్ మార్చాడు, బ్లేడుకు పదును పెట్టాడు. అరగంట పని, మొత్తం రెండు వందల ఎనభై రూపాయలు. ఇంటికొచ్చి కొలిస్తే చట్నీ జార్ మోత మళ్లీ 87కు దిగింది. బయట షాపులో చేయిస్తే వారంటీ పోతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. అడుగున స్క్రూలు విప్పి మోటారు ముట్టుకుంటే ఆ ప్రమాదం నిజమే. ఆ పని కంపెనీ మనిషితోనే చేయించండి. జార్ బుష్‌కు మోటారు విప్పాల్సిన అవసరమే లేదు.

మన దేశపు మిక్సీ పుట్టిందే సర్వీసు దొరక్క అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ముంబయిలో మాధురీ మాథుర్ అనే ఆవిడ వాడుతున్న జర్మనీ బ్రాన్ మిక్సీ మన మసాలాల ధాటికి ఆగిపోయింది. ఇక్కడ దాన్ని బాగుచేసే దిక్కు లేదు. భర్త ఎస్.పి. మాథుర్ సీమెన్స్‌లో ఇంజినీరు. మన పప్పులూ మసాలాలూ తట్టుకునే మోటారుతో ఆయన చేసిన మిక్సీయే 1963లో ‘సుమీత్’ పేరుతో బజారులోకి వచ్చింది. అరవై ఏళ్లు దాటాయి, మోటారు సమస్యను ఇంజినీర్లు బాగానే పరిష్కరించారు. విడిభాగం దొరకడమన్న సమస్య మాత్రం ఇంకా మిగిలే ఉంది.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఇక్కడి నుంచి మిక్సీ పంపేవాళ్లకు ఈ సమస్య ఇంకా పెద్దది. అక్కడి కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ అక్కడ నీరసంగా తిరుగుతుంది, పప్పు నలగదు. అక్కడి వోల్టేజికి చేసినవి దొరుకుతాయి, అవే కొనాలి. మిక్సీతో పాటు ఒక బుష్, సీలు, కప్లర్, బ్రష్‌ల జత సూట్‌కేసులో పడేయండి. ఆ దేశంలో అరగంటలో బుష్ కొట్టే పెద్దాయన దొరకడు.

వారంటీలోకి వచ్చే మోటారే చెడి, కంపెనీ తిప్పుతుంటే ఏం చేయాలి? ముందు బిల్లు, షాపు ముద్ర ఉన్న వారంటీ కార్డు ఫొటో తీసి పెట్టుకోండి. బిల్లుల మీద అక్షరాలు ఏడాదికే వెలిసిపోతున్నాయి, మా బిల్లు మీద ఇప్పుడు మిగిలింది తెల్ల కాగితమే. ప్రతి ఫోనుకూ ఫిర్యాదు నంబరు అడిగి తేదీతో రాసుకోండి. ‘నీళ్లు వెళ్లాయి’, ‘ఎక్కువ లోడు పడింది’ లాంటి కారణంతో కాదంటే ఆ మాట జాబ్‌షీటు మీద రాసి సంతకం పెట్టమనండి. నోటి మాటకు, కాగితం మీది మాటకు చాలా తేడా కనిపిస్తుంది. అప్పటికీ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మిక్సీ ఎక్కడ కొన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. అయిదు లక్షల లోపు విలువైన వస్తువుకు ఫీజు కూడా లేదు. నాలుగు వేల మిక్సీకి ఎవరూ అంత దూరం వెళ్లరని కంపెనీలకు తెలుసు. అయినా ఆ దారి మీకు తెలుసని ఫోన్‌లో చెబితే చాలాసార్లు మనిషి వస్తాడు.

ఇప్పుడు నా తీర్పు. మోటారు బాగుంది. చప్పుడు కొత్తలో ఉన్నంతే, మొదటి నుంచీ ఎక్కువే. చట్నీ జార్ సీలు ఏడాదికి పోవడం నాసిరకం పనే, పెద్ద జార్ ఇంకా గట్టిగా ఉంది కాబట్టి ఈ మాట అంటున్నాను. సర్వీసులో మర్యాద ఉంది, వేగం లేదు, విడిభాగం లేదు. ఈ మిక్సీని మళ్లీ కొంటానా అంటే కొంటాను. కారణం ఒకటే, దీని బుష్ తెనాలి మార్కెట్లో దొరుకుతుంది. మీరు కొత్త మిక్సీ కొనబోతుంటే ముందు మీ ఊళ్లో మిక్సీలు బాగుచేసే షాపుకు వెళ్లి ఏ కంపెనీ జార్‌కు బుష్, కప్లర్ తన దగ్గర ఎప్పుడూ ఉంటాయో అడగండి. ఆయన చెప్పిన రెండు మూడు పేర్లలోంచే ఎంచుకోండి.